వర్చువల్ కార్డు నంబరు ఎక్కడి నుంచి వస్తుంది? లీకైతే నష్టం ఎందుకు ఆగుతుంది?

మధు_డాలస్

అందరికీ నమస్తే. నేను డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. నా క్రెడిట్ కార్డు యాప్‌లో ఒక్కో షాపుకి ఒక్కో వర్చువల్ నంబరు తీసుకునే సదుపాయం ఉంది. మార్చిలో క్రికెట్ సామాను అమ్మే ఒక చిన్న సైటులో బ్యాట్ కొనడానికి అలా ఒక నంబరు తీసుకున్నాను. 60 డాలర్ల పరిమితి పెట్టి 42.75 డాలర్లు కట్టాను. బ్యాట్ బాగానే వచ్చింది.

నిన్న రాత్రి అదే నంబరు మీద రెండు నోటిఫికేషన్లు వచ్చాయి. ముందు ఏదో విరాళాల సైటులో 1 డాలర్, కొద్ది నిమిషాలకే ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో 380 డాలర్లు. రెండూ తిరస్కరించారు. డబ్బు పోలేదు కానీ టెన్షన్ మాత్రం పోలేదు.

నా సందేహం ఇది. ఈ వర్చువల్ నంబరును నా అసలు కార్డు నంబరు నుంచి ఏదైనా ఫార్ములాతో తయారు చేస్తారా? అలా అయితే దొంగ దాన్ని వెనక్కి తిప్పి అసలు నంబరు పట్టుకోగలడా? అసలు కార్డు కూడా మార్పించుకోవాలా?

కోడ్_కిట్టు

మధూ, కంగారు పడకు. అసలు నంబరును ఒక రహస్య కీతో ఎన్‌క్రిప్ట్ చేస్తే వర్చువల్ నంబరు వస్తుంది. 16 అంకెలు మళ్లీ 16 అంకెలుగానే బయటికొచ్చే ఎన్‌క్రిప్షన్ పద్ధతులు ఉన్నాయి. కీ బ్యాంకు దగ్గరే ఉంటుంది కాబట్టి దొంగ వెనక్కి తిప్పలేడు. పైగా చివరి అంకెను లూన్ పద్ధతిలో లెక్కగడతారు. అది రక్షణ కోసమే, ఎవడు పడితే వాడు నంబర్లు పుట్టించకుండా.

ఇష్యూయర్_శేఖర్

నేను హైదరాబాద్‌లో కార్డులు జారీ చేసే సిస్టమ్స్ మీద పనిచేస్తాను. కిట్టు గారు చెప్పిన ఎన్‌క్రిప్షన్ ఉన్నమాట నిజమే. కంపెనీలు తమ డేటాబేసుల్లో కార్డు నంబర్లు దాచేటప్పుడు దాన్ని వాడతాయి. కానీ బ్యాంకు ఇచ్చే వర్చువల్ నంబరు మామూలుగా అలా పుట్టదు. మధు గారి అసలు నంబరులోని ఒక్క అంకె కూడా ఆ లెక్కలోకి రానక్కర్లేదు.

జరిగేది ఇది. 16 అంకెల కార్డులో మొదటి భాగం జారీ చేసిన సంస్థకి గుర్తు. పూర్వం అది 6 అంకెలు. 2022 ఏప్రిల్ నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ 8 అంకెల పద్ధతికి మారాయి. చివరి అంకె చెక్ అంకె. మధ్యలో మిగిలేవి 7 అంకెలు, అంటే ఒక్కో 8 అంకెల గుర్తు కింద కోటి నంబర్లు. వర్చువల్ కార్డుల కోసం బ్యాంకు అలాంటి గుర్తునో, అందులో ఒక భాగాన్నో పక్కన పెట్టుకుంటుంది. మీరు యాప్‌లో బటన్ నొక్కగానే ఆ గుంపులో ఎవరికీ ఇవ్వని ఒక నంబరును యాదృచ్ఛికంగా తీసి, చెక్ అంకె కలిపి, తన డేటాబేసులో మీ ఖాతా పేరు మీద ఒక కొత్త వరసలో రాస్తుంది. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది. టోకెన్ మీది నంబరును ఎంత తిరగేసినా మీ చెప్పుల సైజు తెలియదు. ఏ టోకెన్‌కి ఏ గడి అన్నది స్టాండు వాళ్లకే తెలుసు.

చెక్ అంకె సంగతి. పేమెంట్ ప్రోగ్రామర్లందరికీ తెలిసిన టెస్ట్ నంబరు 4111 1111 1111 1111 తీసుకోండి. చివరి 1 వదిలేస్తే 15 అంకెలు. కుడి నుంచి మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి. 4 రెట్టింపై 8 అవుతుంది. రెట్టింపయ్యే ఏడు 1లు కలిసి 14, అలాగే ఉండే ఏడు 1లు 7. మొత్తం 29. దాన్ని 30 చేయడానికి 1 కావాలి కాబట్టి చివరి అంకె 1. ఇందులో రహస్యం ఏమీ లేదు, కాగితం మీద ఎవరైనా చేయొచ్చు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో దీనికి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. టైపింగ్ తప్పులు పట్టుకోవడమే దాని పని. నోటికొచ్చిన 16 అంకెలు రాస్తే పదింటిలో ఒకటి ఈ పరీక్ష దాటుతుంది. కాబట్టి దాన్ని రక్షణ అనుకోకండి.

కోడ్_కిట్టు

మరి సీవీవీ? అది కూడా యాదృచ్ఛికంగా తీసేదే అయితే మూడంకెలు ఎక్కడో దాచాలి కదా. సీవీవీ దాచకూడదని రూల్ ఉందని విన్నాను.

ఇష్యూయర్_శేఖర్

మీరు మొదట చెప్పిన రహస్య కీ ఉండేది సరిగ్గా ఇక్కడే. ఆ కొత్త నంబరు, దాని గడువు తేదీ, ఒక సర్వీస్ కోడ్, ఈ మూడింటినీ తాళం వేసినట్టుండే ఒక ప్రత్యేక పెట్టెలోకి పంపుతారు. దాన్ని మా దగ్గర హెచ్‌ఎస్‌ఎమ్ అంటాం. లోపలున్న కీలతో అది లెక్క చేసి మూడంకెలు ఇస్తుంది. కీ మాత్రం ఆ పెట్టె దాటి బయటికి రాదు. ఎవరైనా కార్డు వాడిన ప్రతిసారీ అదే లెక్క మళ్లీ చేసి సరిపోల్చవచ్చు కాబట్టి సీవీవీని ఎక్కడా రాసిపెట్టుకోవాల్సిన అవసరం ఉండదు.

నంబరు మారింది కాబట్టి సీవీవీ కూడా మారుతుంది. గడువు తేదీ కూడా వేరే ఉండొచ్చు. అంటే మధు గారి దగ్గర పోయిన వివరాలతో అసలు కార్డును వాడలేరు. అసలు కార్డు మార్పించుకోవాల్సిన పని లేదు.

సరళ_బెజవాడ

నమస్కారమండి. నేను కూడా మా బ్యాంకు యాప్‌లో వర్చువల్ డెబిట్ కార్డు వాడుతున్నాను. బటన్ నొక్కితే కార్డు బొమ్మ వస్తుంది, నంబరు కనిపిస్తుంది, కాపీ చేసుకుంటాను. అయితే నాది కూడా సేఫ్ అన్నమాటేనా? పర్సులోని కార్డు నంబరూ ఇదీ ఒకటే ఉంది మరి.

హరిత_కె

సరళ గారూ, నంబరు ఒకటే అయితే మీరు చూస్తున్నది మీ ప్లాస్టిక్ కార్డు వివరాలే, తెర మీద చూపిస్తున్నారంతే. కొన్ని యాప్‌లు దాన్నీ వర్చువల్ కార్డు అనే పిలుస్తాయి. లీకైతే మీ అసలు కార్డు లీకైనట్టే. ఇక్కడ మాట్లాడుకుంటున్న రకం అవునో కాదో తేల్చుకోవడం తేలిక. చివరి నాలుగు అంకెలు పర్సులోని కార్డువి కాకూడదు. పర్సులోని కార్డును కదపకుండా దీన్ని ఒక్కదాన్నే తీసేయగలగాలి.

మన దగ్గరా ఇలాంటివి ఉండేవి. హెచ్‌డీఎఫ్‌సీ నెట్‌సేఫ్, కోటక్ నెట్‌కార్డ్ లాంటివి చాలా ఏళ్ల కిందటే వచ్చాయి. కావలసినంత మొత్తానికి ఒక తాత్కాలిక నంబరు తీసుకుని కొనుక్కునేవాళ్లు.

సరళ_బెజవాడ

అయితే నాది ఆ రకం కాదు. మరి షాపింగ్ యాప్‌లో కార్డు సేవ్ చేసుకోమంటే సేవ్ చేశాను. ఆ నంబరు వాళ్ల దగ్గర ఉన్నట్టే కదా?

హరిత_కె

మన దేశంలోని షాపైతే ఉండకూడదు. 2022 అక్టోబరు 1 నుంచి షాపులు గానీ, మధ్యలో పేమెంట్ నడిపేవాళ్లు గానీ పూర్తి కార్డు నంబరు దాచుకోవడానికి రిజర్వ్ బ్యాంకు ఒప్పుకోదు. మీరు సేవ్ అన్నప్పుడు వాళ్ల దగ్గర మిగిలేది టోకెన్. చూడటానికి కార్డు నంబరులాగే ఉండొచ్చు కానీ అది ఆ షాపుకి మాత్రమే కట్టుబడి ఉంటుంది. చివరి నాలుగు అంకెలు మాత్రం గుర్తు కోసం ఉంచుకోవచ్చు.

కానీ ఒక తేడా ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. టోకెన్ పుట్టేది మీరు అసలు నంబరు టైపు చేసిన తర్వాత. వర్చువల్ నంబరు అంతకు ముందే పుడుతుంది, మీరు టైపు చేసేదే అది. పేజీలోనే దొంగ కూర్చుంటే టోకెన్ ఏమీ చేయలేదు.

నేను షాపుల వెబ్‌సైట్ల భద్రత చూస్తుంటాను కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. 2018 ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 5 దాకా బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులో జరిగింది ఇదే. వాళ్ల సైటులోని ఒక స్క్రిప్టు ఫైలు చివర దొంగలు కొద్ది వరసల కోడ్ చేర్చారు. టికెట్ కొనేవాళ్లు టైపు చేసిన వివరాలు అసలు చోటుకీ వెళ్లాయి, దొంగల సర్వరుకీ వెళ్లాయి. అందుకే సీవీవీలు కూడా పోయాయి. కంపెనీ దాచుకోకూడని వివరం ఎలా పోయిందని అప్పట్లో చాలామంది అడిగారు. ఈ కోడ్ తీసింది దాచినచోట కాదు, టైపు చేస్తుండగా. 2020లో వాళ్లకి 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. మధు గారి బ్యాట్ షాపులోనూ ఇలాంటిదే జరిగి ఉండొచ్చని నా అనుమానం.

మధు_డాలస్

అంటే నేను అక్కడ అసలు కార్డు టైపు చేసి ఉంటే 380 డాలర్లు పోయేవేనా? తిరస్కరించినప్పుడు బ్యాంకు ఏం చూసింది? పరిమితి 60 కాబట్టి 380 ఆగింది, సరే. 1 డాలర్ ఎందుకు ఆగింది? పరిమితిలో ఇంకా 17.25 మిగిలే ఉంది.

ఇష్యూయర్_శేఖర్

చాలా మంచి ప్రశ్న. అసలు కథ అంతా ఆ 1 డాలర్‌లోనే ఉంది.

దొంగ ముందు 1 డాలర్ వేసింది నంబరు బతికుందో లేదో చూడటానికి. విరాళాల సైట్లలో చిన్న మొత్తాలు మామూలే కాబట్టి అలాంటిచోట పరీక్షిస్తారు. ఆ ప్రయత్నం విరాళాల సైటు బ్యాంకుకి వెళ్లి, అక్కడి నుంచి కార్డు నెట్‌వర్క్ మీదుగా మీ బ్యాంకు దగ్గరికి వచ్చింది. ఆ సందేశంలో కార్డు నంబరు, గడువు, మొత్తంతో పాటు అడుగుతున్న షాపు గుర్తింపు సంఖ్య, పేరు, అది ఏ రకం వ్యాపారమో చెప్పే నాలుగంకెల కోడ్ కూడా ఉంటాయి.

మీ బ్యాంకు ఆ నంబరు వరస తెరిచి చూసింది. నంబరు పనిచేస్తోంది. గడువు దాటలేదు. సీవీవీ కూడా సరిపోయి ఉంటుంది, ఎందుకంటే దొంగ దగ్గర సరైనదే ఉంది. మామూలు కార్డైతే ఇక ఖాతాలో పరిమితి, అనుమానం లెక్క చూసే సాఫ్ట్‌వేర్, అంతే. ఆ సాఫ్ట్‌వేర్ 380 దగ్గర ఆపేదో, వదిలేసేదో ముందే చెప్పలేం. మీ వరసలో ఇంకొక షరతు రాసి ఉంది. మార్చిలో మొదటిసారి డబ్బు అడిగిన షాపు గుర్తు అందులో నమోదైంది. విరాళాల సైటు గుర్తు దానితో కలవలేదు. మొత్తం ఎంతన్నది చూడాల్సిన అవసరమే రాలేదు. 380 కూడా ఇదే కారణానికి ఆగి ఉంటుంది, పరిమితి రెండో గోడ.

ఇంకో విషయం. నెట్‌వర్క్ నడిపే రకాలు కూడా ఉన్నాయి. డబ్లిన్‌లోని ఆర్బిస్కామ్ అనే సంస్థ ఈ ఆలోచన మీద తొలినాళ్లలోనే పనిచేసింది, తర్వాత మాస్టర్‌కార్డ్ దాన్ని కొనుక్కుంది. ఆ పద్ధతిలో నంబరు మార్పిడి, షరతుల తనిఖీ నెట్‌వర్క్‌లోనే జరిగి, బ్యాంకుకి అసలు నంబరు చేరుతుంది. వాడేవాళ్లకి తేడా తెలియదు.

హరిత_కె

దీనికి తోడు, ఆ నంబరు ఒక్క షాపుకే ఇచ్చారు కాబట్టి లీకు ఎక్కడ జరిగిందో మధు గారికి ఇప్పుడు తెలుసు. పది షాపుల్లో ఒకే కార్డు వాడితే ఎవరి దగ్గర పోయిందో ఎప్పటికీ తేలదు. నా పనిలో దీని విలువ నాకు బాగా తెలుసు. మధు గారూ, ఆ తిరస్కరణల తేదీ, సమయం, మీరు కొన్న తేదీ రాసి షాపు వాళ్లకి పంపండి. చివరి నాలుగు అంకెలు చాలు, మొత్తం నంబరు పంపకండి.

కోడ్_కిట్టు

లీకు అవసరమే లేకుండా ఊహించి పట్టుకోవచ్చు కదా? 2016లో న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. కార్డు నంబరు దొరికితే గడువు తేదీకి ఎక్కువలో ఎక్కువ 60 ప్రయత్నాలు, సీవీవీకి 1000. ఒక్కో సైటులో కొన్ని చొప్పున వందల సైట్ల మీద పంచి వేస్తే ఏ సైటుకీ అనుమానం రాదు. మధ్యలో 7 అంకెలే అన్నారు మీరు. కోటి అంటే కంప్యూటర్‌కి పెద్ద లెక్క కాదు.

ఇష్యూయర్_శేఖర్

ఆ దాడి నిజమే, వర్చువల్ నంబర్లకీ వర్తిస్తుంది. అప్పటి ప్రయోగంలో వీసా కార్డుల మీద పనిచేసింది, మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్ మాత్రం వేర్వేరు సైట్ల నుంచి వచ్చిన ప్రయత్నాలను కలిపి చూసి ఆపేసింది. ఊహించడం ఆగేది నంబరు పొడవు వల్ల కాదు, తప్పు ప్రయత్నాలను ఒకచోట లెక్కపెట్టడం వల్ల.

వర్చువల్ నంబరు ఊహకి దొరికినా ఉపయోగం తక్కువ. ఒక షాపుకి కట్టేశాక మిగతా షాపుల్లో అది పనిచేయదు. కానీ తీసుకుని ఇంకా వాడని నంబరు సంగతి వేరు. షాపు తాళం పడేది మొదటి చెల్లింపుతో. ఆ లోపు ఎవరు ముందు అడిగితే వాళ్లకే కట్టుబడే రకాలు ఉన్నాయి. పేజీలో దొంగ కోడ్ ఉండి, మీ చెల్లింపు ఏదో కారణంతో మొదటిసారి విఫలమైతే, దొంగ ముందు చేరే అవకాశం ఉంది. అందుకే పరిమితిని బిల్లుకి దగ్గరగా పెట్టమంటాను. అదే షాపులో దొంగ మళ్లీ కొన్నా షాపు తాళం ఆపలేదు, అక్కడ కాపాడేది పరిమితి ఒక్కటే.

నాగు_హ్యూస్టన్

మీరంతా మంచిగా చెబుతున్నారు కానీ నా అనుభవం వేరు. ఒక జిమ్‌కి వర్చువల్ నంబరుతో నెలనెలా కట్టేవాణ్ణి. మానేద్దామని ఆ నంబరు మూసేశాను. డబ్బు వెళ్లడం ఆగింది. తర్వాత కాంట్రాక్టు ప్రకారం బాకీ ఉందని వసూలు ఏజెన్సీ నుంచి ఉత్తరం వచ్చింది. నంబరు మూసేస్తే అన్నీ ఆగిపోతాయని ఎవరూ అనుకోవద్దు.

హరిత_కె

నాగు గారూ, అది కార్డు లీకు కాదు కదా. ఒప్పందం రద్దు చేయకుండా చెల్లింపు దారి మూసేశారు. జిమ్ వాళ్లకి రద్దు ఉత్తరం ఇచ్చారా?

నాగు_హ్యూస్టన్

ఇచ్చాను, ఈమెయిల్‌లో. వాళ్లు పోస్టులో ఇవ్వాలంటున్నారు. ఇంకా నడుస్తోంది. అయినా నంబరు మూశాక కూడా పాత చెల్లింపు ఒకటి నా స్టేట్‌మెంటులో పడింది. అదెలా?

ఇష్యూయర్_శేఖర్

అనుమతి అడగడం ఒక అడుగు, డబ్బు నిజంగా తీసుకోవడం ఇంకో అడుగు. నంబరు మూయడానికి ముందు అనుమతి వచ్చి ఉంటే, లెక్క సర్దుబాటు కొన్ని రోజుల తర్వాత వచ్చినా ఖాతాలో పడుతుంది. కొన్నిసార్లు అనుమతి లేకుండానే షాపు బ్యాంకు నేరుగా సర్దుబాటు పంపడమూ జరుగుతుంది. అలాంటిదైతే మీ బ్యాంకులో ఫిర్యాదు వేయండి. మీది ఏ రకమో స్టేట్‌మెంటులోని తేదీలు చూడకుండా చెప్పలేను.

కోడ్_కిట్టు

వర్చువల్ నంబర్లతో ఇంకో ఇబ్బంది చూశాను. ఒకే ఆర్డరులో రెండు వస్తువులు కొంటే, వేర్వేరు రోజుల్లో పంపుతూ రెండుసార్లు డబ్బు అడిగారు. ఒక్కసారికే పనికొచ్చే నంబరు కావడంతో రెండోది తిరస్కరించారు, ఆర్డరు సగం రద్దయింది. నంబరు భద్రమే కానీ కొనుగోలు ఆగిపోతే ఏం లాభం?

ఇష్యూయర్_శేఖర్

నిజం. అలాంటిచోట ఒక్కసారి నంబరు కంటే షాపుకి కట్టుబడే నంబరు నయం. అదీ ఒక్కోసారి తప్పుతుంది. షాపు తన బ్యాంకును మారిస్తే గుర్తింపు సంఖ్య మారుతుంది, సరైన షాపే అయినా మా సిస్టమ్ కొత్త షాపు అనుకుంటుంది. కొందరు జారీదారులు గుర్తింపు సంఖ్యతో పాటు పేరును కూడా చూస్తారు. ఎంత వదులుగా పోల్చాలన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంది. వదులు చేస్తే దొంగకీ సందు దొరుకుతుంది. దీనికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఇప్పటిదాకా నేను చూడలేదు. హోటల్ గదులకి మాత్రం ఇది వాడకండి, చెక్‌ఇన్‌లో అదే నంబరున్న కార్డు చూపించమంటే ఇబ్బంది.

సరళ_బెజవాడ

ఇండియాలో ఓటీపీ ఉంది కదండీ. మనకి ఇదంతా ఎందుకు?

హరిత_కె

దేశంలోని సైట్లలో ఓటీపీ పెద్ద రక్షణే, ఇలాంటి రెండో తనిఖీ 2009 నుంచి తప్పనిసరి. విదేశీ సైట్లలో చాలాచోట్ల ఓటీపీ అడగరు. దొంగ కార్డు వివరాలు వాడేది అక్కడే. మీరు విదేశీ సైట్లలో కొనకపోతే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆపేసే స్విచ్ ఉంటుంది, దాన్ని ఆపి ఉంచండి. కొనాల్సి వచ్చినప్పుడే వేరే నంబరు గురించి ఆలోచించండి.

కోడ్_కిట్టు

విదేశీ సైట్లలో కొనేవాళ్లకి ఆ స్విచ్ ఒక్కటే చాలదని నా అభిప్రాయం. మన బ్యాంకులు షాపుకొక నంబరు ఇస్తే బాగుంటుంది.

మధు_డాలస్

ఆ నంబరు ఇందాకే మూసేశాను. షాపుకి తేదీలతో ఈమెయిల్ పంపాను, ఇంకా జవాబు లేదు. ఒక్క సందేహం మిగిలింది. బ్యాట్ హ్యాండిల్ కొంచెం వదులైంది, వాపసు ఇద్దామనుకుంటున్నాను. నంబరు మూసేశాను కదా, రిఫండ్ ఎక్కడికి వస్తుంది?

ఇష్యూయర్_శేఖర్

మూసేసినా వరస చెరిగిపోదు, స్థితి మాత్రమే మారుతుంది. నంబరుకీ మీ ఖాతాకీ సంబంధం అందులో ఉంటుంది కాబట్టి మామూలుగా రిఫండ్ మీ క్రెడిట్ కార్డు ఖాతాకే చేరుతుంది. షాపు ఆ డబ్బును ఇంకో కార్డుకి వేస్తామంటే ఒప్పుకోకండి, అసలు నంబరు ఆ సైటుకి ఇవ్వాల్సి వస్తుంది. వాళ్లు రిఫండ్ పంపామని చెప్పి పది రోజులైనా రాకపోతే, వాళ్ల దగ్గర ఆ రిఫండ్ రిఫరెన్స్ నంబరు అడిగి తీసుకుని మీ బ్యాంకుకి ఇవ్వండి. దానితో వెతకడం మాకు తేలిక.